ప్రోనోటుకు మూడేళ్లు: లెక్క ఏ రోజు మొదలవుతుంది?

ప్రోనోటు మీద బాకీ రాబట్టుకోవాలంటే మూడేళ్లలోపు దావా వేయాలన్న సంగతి అప్పిచ్చే అలవాటున్న వాళ్లలో చాలామందికి తెలుసు. తడబాటంతా ఆ మూడేళ్లను ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్న దగ్గరే. డబ్బు చేతికిచ్చిన రోజా, తిరిగి ఇమ్మని అడిగిన రోజా, ఇవ్వనని మొహం మీద చెప్పిన రోజా, లాయరు నోటీసు అందిన రోజా? ఈ నాలుగు తేదీల మధ్య ఏళ్ల తేడా ఉండొచ్చు. వాటిలో ఒకటే సరైనది. న్యాయ కళాశాలల ప్రశ్నపత్రాల్లో ఈ అంశం మీద వచ్చే సమస్యలన్నీ దాదాపు ఈ ఒక్క తేదీ చుట్టూనే తిరుగుతాయి. సివిల్ కోర్టుల్లో ఓడిపోయే అప్పు దావాల్లో కొన్నింటి కథ కూడా ఇదే.

మన దేశంలో దీనికి ఆధారం 1963 నాటి కాలపరిమితి చట్టం. 1964 జనవరి 1 నుంచి ఇది అమల్లో ఉంది. దీన్ని చదవడం మొదలుపెట్టినవారు సెక్షన్ల దగ్గరే ఆగిపోతుంటారు. అసలు సరుకు చివర ఉన్న షెడ్యూలులో ఉంది. షెడ్యూలు మూడు గడుల పట్టిక. మొదటి గడిలో దావా ఏ రకమైనదో ఉంటుంది. రెండో గడిలో గడువు, మూడో గడిలో ఆ గడువు ఎప్పటి నుంచి నడుస్తుందో ఉంటాయి. పట్టికలో ఒక్కో వరుసను ఆర్టికల్ అంటారు. రెండో గడి సులువుగా గుర్తుండిపోతుంది. అప్పులకు, ఒప్పందాలకు సాధారణంగా మూడేళ్లు, తనఖా సొమ్ముకు, స్థలం స్వాధీనానికి పన్నెండేళ్లు. మూడో గడి గుర్తుండదు, అక్కడ ఒక్కో ఆర్టికల్‌కు ఒక్కో మాట ఉంటుంది కాబట్టి. సమస్య విడిపోయేది మాత్రం ఆ గడిలోనే.

గడువు దాటిన దావాను ఏం చేయాలన్నది సెక్షన్ 3 చెబుతుంది. ప్రతివాది ఆ అభ్యంతరం లేవనెత్తకపోయినా సరే, కోర్టు దాన్ని కొట్టివేయాల్సిందే. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కోర్టుకు సెక్షన్ 5 ఇస్తుంది గానీ, అది అప్పీళ్లకు, కొన్ని రకాల దరఖాస్తులకు మాత్రమే. దావాకు ఆ సౌకర్యం లేదు. ఒక్క రోజు ఆలస్యమైనా, వాది ఆసుపత్రిలో ఉన్నా, లాయరు మరిచిపోయినా ఫలితం ఒకటే. అందుకే మొదటి రోజును తప్పుగా పట్టుకోవడం ఇంత ఖరీదైన పొరపాటు అవుతుంది.

ఒక సమస్య

పరీక్షల్లో ఇచ్చే తరహాలోనే ఒక సమస్యను తీసుకుంటే లెక్క ఎలా నడుస్తుందో తెలుస్తుంది. ఎరువుల దుకాణం నడిపే ఒక వ్యాపారి నుంచి ఒక రైతు 2022 మే 12న 2,00,000 రూపాయలు అప్పు తీసుకున్నాడు. నూటికి నెలకు రూపాయి వడ్డీ. కోరినప్పుడు అసలూ వడ్డీ చెల్లిస్తానని ప్రోనోటు రాసి ఇచ్చాడు. రైతుతో పాటు అతని తమ్ముడు కూడా సహరుణగ్రస్తుడిగా నోటు మీద సంతకం పెట్టాడు. 2023 సెప్టెంబరులో వ్యాపారి డబ్బు అడిగితే, పంట చేతికొచ్చాక ఇస్తానని రైతు పదిమంది ముందు ఒప్పుకున్నాడు. 2024 జనవరి 20న 10,000 రూపాయలు నగదుగా ఇచ్చాడు. వ్యాపారి ఆ సంగతిని నోటు వెనక తన చేతిరాతతోనే రాసుకున్నాడు, రైతు సంతకం తీసుకోలేదు. 2025 మార్చి 3న మరో 20,000 ఇచ్చినప్పుడు మాత్రం గుమాస్తా చెల్లు రాయగా, దాని కింద రైతు సంతకం పెట్టాడు. 2025 నవంబరులో వ్యాపారి లాయరు నోటీసు పంపాడు. జవాబు రాలేదు. దావా వేయడానికి ఆఖరి రోజు ఏది? అన్నదమ్ములిద్దరి మీదా వేయొచ్చా?

అన్నిటికన్నా ముందు ఆర్టికల్‌ను పట్టుకోవాలి. కోరినప్పుడు చెల్లించే ప్రోనోటు, దావా హక్కును వాయిదా వేసే వేరే కాగితమేదీ లేదు కాబట్టి ఇది ఆర్టికల్ 35 కిందికి వస్తుంది. దాని మూడో గడిలో ఉన్నది నోటు తేదీ. వ్యాపారి అడిగిన 2023 సెప్టెంబరు కాదు, 2022 మే 12. కోరినప్పుడు ఇస్తానన్నాడు కదా, కోరకముందే గడువు ఎలా నడుస్తుందన్న సందేహం సహజం. చట్టం దృష్టిలో అలాంటి అప్పు రాసిన క్షణం నుంచే బాకీ. వ్యాపారి కావాలంటే మర్నాడే దావా వేయగలడు, ముందు అడిగి తీరాలన్న షరతు లేదు. దావా వేసే హక్కు ఎప్పుడు పుట్టిందో గడువూ అప్పుడే మొదలవుతుంది. అడగడానికి అప్పిచ్చినవాడు ఎంత ఆలస్యం చేస్తే గడువు అంత సాగుతుందంటే, గడువు పెట్టి ప్రయోజనమే ఉండదు.

ఇప్పుడు రోజుల లెక్క. సెక్షన్ 12 ప్రకారం గడువు ఏ రోజు నుంచి మొదలవుతుందో ఆ రోజును వదిలేయాలి. కాబట్టి మే 12ను పక్కనపెట్టి మే 13 నుంచి లెక్కిస్తే మూడేళ్లు 2025 మే 12తో ముగుస్తాయి. ఆ రోజు వేసిన దావా గడువులో ఉన్నట్టే, మే 13న వేసింది గడువు దాటినట్టే. నోటు మీద తిథో తెలుగు నెలో రాసుకున్నా లెక్క మాత్రం ఇంగ్లీషు క్యాలెండరు ప్రకారమే నడవాలని సెక్షన్ 24 చెబుతుంది.

ఇక్కడికి ఒక తాత్కాలిక సమాధానం వచ్చింది: 2025 మే 12. తరువాత అడుగు, ఈ లోపల జరిగిన వాటిలో ఏదైనా ఆ గడువును కొత్తగా మొదలుపెట్టిందా అని ఒక్కొక్కటిగా చూడడం. సమస్య రాసేవారు ఎరలన్నీ వేసేది ఇక్కడే.

పదిమంది ముందు ఒప్పుకోవడం మొదటి ఎర. బాకీ ఒప్పుకుంటే కొత్త గడువు మొదలవుతుందని సెక్షన్ 18 చెప్పిన మాట నిజం. అయితే ఆ ఒప్పుకోలు రాతపూర్వకంగా ఉండాలి, బాకీదారు లేదా అతని అధీకృత ప్రతినిధి సంతకం ఉండాలి, అదీ పాత గడువు ముగిసేలోపు జరగాలి. నోటిమాటకు సాక్షులు ఎంతమంది ఉన్నా లెక్కలోకి రాదు. రాత విషయంలో మాత్రం చట్టం ఉదారంగానే ఉంది. ఎంత బాకీయో చెప్పనక్కర్లేదు, అప్పిచ్చినవాడికే రాయనక్కర్లేదు, బాకీ ఉంది గానీ ఇవ్వను అని రాసినా ఒప్పుకోలే. కోపంతో రాసిన ఉత్తరం అప్పిచ్చినవాడికి కొత్తగా మూడేళ్లు తెచ్చిపెట్టడం ఈ చట్టంలోని వింతల్లో ఒకటి.

రెండోది, 2024 జనవరిలో ఇచ్చిన పదివేలు. బాకీలో కొంత కట్టినా, వడ్డీ కింద కట్టినా, కట్టిన రోజు నుంచి కొత్త గడువు నడుస్తుందని సెక్షన్ 19 అంటుంది. అక్కడే ఒక షరతు ఉంది: కట్టిన సంగతి కట్టినవాడి చేతిరాతలో ఉండాలి, లేదా అతను సంతకం చేసిన రాతలో ఉండాలి. వ్యాపారి తన చేత్తో రాసుకుని వదిలేసిన చెల్లు ఈ రెంటిలో ఏదీ కాదు. రైతు నిజంగానే పదివేలు ఇచ్చాడు, ఇచ్చానని కోర్టులో ఒప్పుకున్నాడనుకున్నా కూడా గడువు విషయంలో అది పనికిరాదు, అతని రాతో సంతకమో లేదు కాబట్టి. బాకీలోంచి పదివేలు తగ్గుతాయి, అంతే. చూడ్డానికి ఇది అన్యాయంగా తోచొచ్చు. అప్పిచ్చినవాడి రాతనే నమ్మే పనైతే, గడువు ముగిసే వేళకు ఎవరికి వారు నోటు వెనక వంద రూపాయల చెల్లు రాసుకుని మూడేళ్లు పెంచుకోగలరు. షరతు పెట్టింది అందుకే.

మూడోది 2025 మార్చి 3 నాటి చెల్లు. రాసింది గుమాస్తా అయినా సంతకం రైతుది. తేదీ చూస్తే పాత గడువు ముగియడానికి ఇంకా రెండు నెలలకు పైగా ఉంది. సెక్షన్ 19 అడిగినవన్నీ ఇక్కడ కుదిరాయి. కాబట్టి పాత లెక్క చెరిగిపోయి, మార్చి 3 నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. ఆ రోజును వదిలేస్తే ఆఖరి రోజు 2028 మార్చి 3, శుక్రవారం. రైతు చదువురానివాడై సంతకానికి బదులు వేలిముద్ర వేసినా ఫలితం మారదు, వేలిముద్ర కూడా సంతకం కిందికే వస్తుంది. పాత గడువులో మిగిలిన రెండు నెలలు ఈ కొత్త మూడేళ్లకు కలవవు. చెల్లు రాసిన రోజు నుంచి సరిగ్గా మూడేళ్లే.

లాయరు నోటీసు నాలుగోది. నోటీసు ఇస్తే మూడేళ్లు మళ్లీ మొదలవుతాయన్న నమ్మకం ఊళ్లలోనే కాదు, పట్నాల్లోనూ బలంగా ఉంది. అది తప్పు. అప్పిచ్చినవాడు తానుగా చేసే ఏ పనీ, అది నోటీసైనా రిజిస్టరు ఉత్తరమైనా పెద్దమనుషుల పంచాయితీ అయినా, గడువును ఒక్క రోజు కూడా కదపదు. కదపగలిగింది బాకీదారు సంతకమే. ఈ సమస్యలో నోటీసుకు రైతు సంతకంతో జవాబు ఇచ్చి అందులో బాకీని ఒప్పుకుని ఉంటే, అప్పుడు ఆ జవాబు సెక్షన్ 18 కిందికి వచ్చేది. మౌనం ఒప్పుకోలు కాదు.

ఇక తమ్ముడి సంగతి. నోటు మీద సంతకం ఉన్నంత మాత్రాన అన్న వేయించిన చెల్లు తమ్ముడిని కట్టిపడేయదు. కలిసి బాకీపడ్డవారిలో ఒకరు ఒప్పుకున్నా, డబ్బు కట్టినా, ఆ ఒక్క కారణంతో మిగతావారి మీద గడువు పొడిగినట్టు కాదని సెక్షన్ 20 చెబుతుంది. అన్న తన ప్రతినిధిగా కూడా కట్టాడని చూపించగలిగితే తప్ప తమ్ముడి విషయంలో గడువు 2025 మే 12 నాడే ముగిసింది. 2025 నవంబరులో నోటీసు ఇచ్చేనాటికే వ్యాపారి చేతిలోంచి ఒక బాకీదారు జారిపోయాడన్నమాట. ఇద్దరు సంతకాలు పెట్టిన నోటు ఒకరు పెట్టినదానికన్నా గట్టిదని ధీమాగా ఉండేవారు గమనించాల్సింది ఈ సెక్షన్‌నే. చెల్లు వేయించేటప్పుడు ఇద్దరి సంతకాలూ తీసుకుని ఉంటే ఈ ఇబ్బంది వచ్చేది కాదు.

తేదీ కొద్దిగా జరిగితే

ఇదే సమస్యలో ఒక్క తేదీ మారిస్తే జవాబు తలకిందులవుతుంది. 20,000 చెల్లు 2025 మార్చి 3న కాక జూన్ 2న పడిందనుకుందాం. జిల్లాల్లోని సివిల్ కోర్టులకు మే నెలలో వేసవి సెలవులు ఉంటాయి. కోర్టు జూన్ 9న తెరుచుకుందని కూడా అనుకుందాం. గడువు ముగిసిన మే 12న కోర్టు మూసి ఉంది కాబట్టి, మళ్లీ తెరుచుకున్న రోజున దావా వేయవచ్చని సెక్షన్ 4 చెబుతుంది. అంటే జూన్ 9న వేసిన దావా చెల్లుతుంది. అలాగైతే జూన్ 2 నాటికి దావా హక్కు బతికే ఉంది కదా, ఆ చెల్లుతో కొత్త మూడేళ్లు రావా?

రావు. సెక్షన్ 4 దావా దాఖలు చేసే రోజును వెసులుబాటుగా ముందుకు జరుపుతుంది గానీ, షెడ్యూలులోని గడువును పెంచదు. గడువు మే 12తోనే ముగిసింది. సెక్షన్లు 18, 19 అడిగేది ఆ గడువు లోపల జరిగిన ఒప్పుకోలును, చెల్లింపును. జూన్ 2 నాటి చెల్లు దాని బయట పడింది. వ్యాపారి జూన్ 9న దావా వేస్తే గెలుస్తాడు. చేతిలో తాజా సంతకం ఉందన్న ధీమాతో జూన్ 10 దాకా ఆగితే ఓడిపోతాడు.

అయితే గడువు తీరిన బాకీ పూర్తిగా చచ్చిపోయినట్టు కాదు. పోయింది కోర్టుకు వెళ్లే దారి. బాకీదారు తనంతట తాను కట్టేస్తే దాన్ని తిరిగి అడగలేడు. అంతేకాదు, కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని సంతకంతో కొత్తగా రాసిచ్చిన వాగ్దానం, కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 25 ప్రకారం, చెల్లుబాటయ్యే ఒప్పందం. నోటు తిరగరాయించుకోవడమంటే జరిగేది ఇదే. బాకీ ఉన్న మాట నిజమే అని రాస్తే ఇక్కడ సరిపోదు, తీరుస్తాను అన్న మాట ఉండాలి. గడువు లోపలైతే ఒప్పుకోలు చాలు, గడువు దాటాక వాగ్దానం కావాలి. పరీక్ష రాసేవారు ఈ రెంటినీ కలిపేస్తే మార్కులు పోతాయి. జూన్ 2 నాటి చెల్లులో మిగతా బాకీ ఫలానా నాటికి తీరుస్తానన్న వాక్యం ఉందా లేదా అని చూడాల్సింది ఇందుకే.

మరో మార్పు కూడా తరచూ అడుగుతారు. 2023లో వ్యాపారి చనిపోయి, అతనికి పదేళ్ల కొడుకు ఒక్కడే వారసుడనుకుందాం. మైనరుకు చట్టం వెసులుబాటు ఇస్తుంది కదా అనిపిస్తుంది. ఇస్తుంది గానీ, గడువు మొదలయ్యేనాటికే హక్కుదారు మైనరు అయివుంటేనే. ఇక్కడ గడువు వ్యాపారి బతికుండగా, 2022 మేలోనే మొదలైంది. ఒకసారి మొదలయ్యాక, ఆ తరువాత వచ్చిన ఏ అశక్తతా దాన్ని ఆపలేదన్నది సెక్షన్ 9. పిల్లవాడి తరఫున సంరక్షకులు గడువులోపల దావా వేయాల్సిందే.

ఒకే డబ్బు, వేరువేరు మొదళ్లు

ఆర్టికల్ ఎంపిక ఎంత కీలకమో తెలియాలంటే, అదే 2022 మే 12న అదే రెండు లక్షలు చేతులు మారిన తీరును మార్చి చూడాలి. నోటు లేకుండా చేబదులుగా ఇచ్చి ఉంటే ఆర్టికల్ 19, మొదలు అప్పు ఇచ్చిన రోజు. అడిగినప్పుడు ఇవ్వాలన్న ఒప్పందంతో ఇచ్చిన అప్పైతే ఆర్టికల్ 21, అక్కడా ఇచ్చిన రోజే. ఏడాదికి చెల్లిస్తానని నోటు రాసి ఉంటే ఆర్టికల్ 31, మొదలు వాయిదా తీరిన 2023 మే 15, ఆఖరి రోజు 2026 మే 15. అదే సొమ్మును దాచమని వ్యాపారి ఒక నమ్మకస్తుడి దగ్గర డిపాజిట్టు చేసి, అడిగినప్పుడు ఇవ్వాలని మాట్లాడుకుని ఉంటే ఆర్టికల్ 22 వర్తిస్తుంది. అక్కడ మాత్రం గడువు అడిగిన రోజునే మొదలవుతుంది. అంటే 2023 సెప్టెంబరు ఇక్కడ అసలు తేదీ అవుతుంది.

అడిగినప్పుడు ఇవ్వాలన్న మాట అప్పులోనూ డిపాజిట్టులోనూ ఒకటే. అప్పు తీసుకున్నది బాకీదారు అవసరానికి, తీర్చే బాధ్యత ఆ రోజు నుంచే అతని మీద ఉంది. డిపాజిట్టు ఇచ్చింది ఇచ్చినవాడి అవసరానికి, అతను అడిగేదాకా దగ్గర ఉంచుకోవడమే తీసుకున్నవాడి బాధ్యత. కాబట్టి గడువు దాటిందన్న భయం ఉన్న వాది తనది అప్పు కాదు, డిపాజిట్టు అని వాదిస్తాడు. కోర్టు పేరును బట్టి కాక, వడ్డీ ఎంత, ఎవరి అవసరానికి, ఏ కాగితం రాసుకున్నారన్న వాటిని బట్టి తేలుస్తుంది.

భూమి కొనుగోలు అగ్రిమెంట్లలో ఈ మొదటి రోజు తగాదా మరింత ముదురుతుంది. అగ్రిమెంటు ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించమని వేసే దావాకు ఆర్టికల్ 54 మూడేళ్లు ఇస్తుంది. మూడో గడిలో రెండు ముక్కలున్నాయి. ఒప్పందం నెరవేర్చడానికి తేదీ నిర్ణయించుకుని ఉంటే ఆ తేదీ నుంచి, నిర్ణయించుకోకపోతే అవతలివాడు నిరాకరించాడని వాదికి తెలిసినప్పటి నుంచి. ఆరు నెలల్లో మిగతా సొమ్ము చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని అగ్రిమెంటులో ఉంటే ఆరు నెలలు తీరిన రోజే మొదలు. ఆ తరువాత అమ్మకందారు ఏడాదిపాటు ఇవాళ రేపు అంటూ తిప్పినా, అతను చివరకు ఎప్పుడు కుదరదన్నాడన్నది అక్కర్లేదు.

మరి కుటుంబంలో నడుస్తున్న పంపకాల దావా తేలాక రిజిస్ట్రేషన్ చేస్తానని రాసి ఉంటే? నిర్ణయించిన తేదీ అంటే క్యాలెండరులో చూపించగలిగే తేదీయేనని అహ్మద్‌సాహెబ్ అబ్దుల్ ముల్లా కేసులో 2009లో ముగ్గురు సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఏదో ఒక సంఘటన జరిగాక అన్న మాట ఆ కొలతకు తూగదు. అప్పుడు రెండో ముక్కకు వెళ్లాలి. కొనుగోలుదారు నోటీసు ఇచ్చాడు, అమ్మకందారు 2024 ఫిబ్రవరి 10న నిరాకరిస్తూ జవాబు రాశాడు, అది 14న చేరింది. మొదలు రాసిన తేదీ కాదు, తెలిసిన తేదీ. కాబట్టి ఫిబ్రవరి 14. ఆఖరి రోజు 2027 ఫిబ్రవరి 14 అవుతుంది, అది ఆదివారం. సెక్షన్ 4 ఆసరాతో సోమవారం 15న కూడా దావా వేయొచ్చు. అంతకుముందే, 2023లో, అమ్మకందారు సాక్షుల ముందు కుదరదన్నాడని ప్రతివాది రుజువు చేస్తే మాత్రం మొదలు అక్కడికి వెళ్లిపోతుంది. అగ్రిమెంటు దావాల్లో గడువు మీద జరిగే క్రాస్ ఎగ్జామినేషన్ చాలావరకు ఆ మొదటి నిరాకరణను వాది నోటి నుంచే రాబట్టడానికి సాగేది ఇందుకే.

ఇప్పుడే తెలిసిందన్న మాట

మోసం జరిగినచోట, మోసం బయటపడే వరకు, లేదా తగిన శ్రద్ధ చూపితే బయటపడగలిగే రోజు వరకు గడువు మొదలవదని సెక్షన్ 17 అంటుంది. దస్తావేజు రద్దు దావాలకు వర్తించే ఆర్టికల్ 59 మూడో గడి కూడా రద్దు కోరే హక్కునిచ్చే సంగతులు మొదట ఎప్పుడు తెలిశాయన్నదే చూస్తుంది. చాలా ఆలస్యంగా వచ్చిన వాదులు ఈ తలుపే తడతారు. ప్లెయింటులో ఫలానా నెలలో నకలు తీయించినప్పుడే మోసం తెలిసిందని ఒక వాక్యం రాస్తారు.

ఆ వాక్యం ఒక్కటే చాలదని 2020లో సుప్రీంకోర్టు దహీబెన్ కేసులో స్పష్టం చేసింది. గుజరాత్‌లోని ఒక భూమికి 2009 జులైలో విక్రయ దస్తావేజు రిజిస్టరైంది. ధర చెక్కుల రూపంలో ముట్టినట్టు దస్తావేజులో ఉంది. వాటిలో చాలాభాగం సొమ్ము తమకు అందలేదంటూ, దస్తావేజు రద్దు చేయమని అమ్మినవారు 2014 డిసెంబరులో దావా వేశారు. దస్తావేజు నకలు ఈ మధ్యే చేతికొచ్చిందన్నది వారి వాదన. సొమ్ము రాలేదన్న సంగతి అమ్మినవారికి అప్పుడే తెలియాలి కదా, ఐదేళ్లు ఊరుకుని నకలు తేదీని మొదలుగా చూపడం గడువును తప్పించుకునే నేర్పు మాత్రమేనని కోర్టు భావించింది. సాక్ష్యాల దాకా వెళ్లకుండానే, ప్లెయింటు తిరస్కరణను ఖాయం చేసింది. తెలియడం అంటే పూర్తి రుజువులు చేతికి రావడం కాదు, దావాకు ఆధారమైన సంగతి తెలియడం.

2020 నుంచి 2022 వరకు పడే తేదీలున్న సమస్యల్లో మరో లెక్క కలపాలి. కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని గడువులోంచి మినహాయించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. మధ్యలో గడువు ముగిసేవారికి 2022 మార్చి 1 నుంచి 90 రోజులు, లేదా 2020 మార్చి 15 నాటికి మిగిలివున్న కాలం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది దక్కుతుంది. 2018 జులై 1 నాటి కోరినప్పుడు చెల్లించే నోటుకు మామూలుగా 2021 జులై 1తో గడువు తీరాలి. 2020 మార్చి 15 నాటికి పదిహేను నెలలకు పైగా మిగిలి ఉంది కాబట్టి, అదంతా 2022 మార్చి 1 నుంచి నడిచి 2023 జూన్ మధ్యకు చేరుతుంది. 90 రోజులని తొందరపడి 2022 మే నెలాఖరు అని జవాబు రాసినవారు తప్పు చేసినట్టే.

దావా దాఖలు చేసేటప్పుడు ఈ లెక్కంతా ప్లెయింటులో కనబడాలి. నోటు తేదీ నుంచి చూస్తే గడువు దాటినట్టు ఉండి, చెల్లు వల్లనో సెలవు వల్లనో బతికి ఉంటే, ఆ కారణాన్ని ప్లెయింటులోనే చెప్పాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7, రూల్ 6 కోరుతుంది. చెప్పకపోతే, ప్లెయింటు చదవగానే దావా గడువు దాటినట్టు కనిపించి, అదే ఆర్డర్‌లోని రూల్ 11 కింద తిరస్కరణకు గురికావొచ్చు. వ్యాపారి దావాలో 2025 మార్చి 3 నాటి చెల్లు తేదీ, మొత్తం, దాని కింద ఎవరి సంతకం ఉందన్నది విడిగా ఒక పేరాలో ఉండాలి. ప్రతివాది సాధారణంగా చెప్పే జవాబు ఆ సంతకం తనది కాదని. అప్పుడు దాన్ని రుజువు చేయాల్సిన భారం వాదిదే. చెల్లు రాసిన గుమాస్తాను సాక్షిగా పిలవాలి, అవసరమైతే సంతకాన్ని నోటు ముందువైపు ఉన్న సంతకంతో నిపుణుడి చేత పోల్చి చూపాలి. ఆ చెల్లు నిలిస్తే దావా 2028 మార్చి 3 వరకు గడువులో ఉంటుంది. నిలవకపోతే గడువు 2025 మే 12నే తీరిపోయినట్టు లెక్క.